రాసిన అమ్మాయి

"ఏ అమ్మాయి అయితే నిన్న ఉత్తరం రాసిందో ఆ అమ్మాయి వచ్చింది." పొద్దున ఒక అనువాదం సరిచూస్తూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. తప్పేం లేదు, కానీ నడక మనది కాదు. ఇంగ్లీషులోని 'హూ'ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలన్న తాపత్రయం అది.

"నిన్న ఉత్తరం రాసిన అమ్మాయి వచ్చింది" అని మార్చాను. క్రియ నామవాచకం ముందుకు వచ్చేసింది, 'హూ' అవసరమే పోయింది. అదే 'రాసిన' ఉత్తరానికీ సరిపోతుంది, 'విచ్'కి బదులుగా: అమ్మాయి రాసిన ఉత్తరం. అబ్బాయైనా 'రాసిన' మారదు. కాలం మాత్రం చెబుతుంది: రాస్తున్న, రాసే. కాదనడానికి 'రాయని' ఒక్క మాట చాలు.

మరి ఎవరు ఎవరిని ఏం చేశారన్నది ఎలా తెలుస్తుంది? "పులిని చంపిన మనిషి", "పులి చంపిన మనిషి". ఆ చిన్న 'ని' మీదే మనిషి ప్రాణం ఉంది!

తర్వాతి పేజీలోనే చిక్కుపడ్డాను. "అతను వచ్చిన ఊరు" అని కుదించాను. ఊరి నుంచి వచ్చాడా, ఊరికి వచ్చాడా? ఈ పద్ధతిలో 'నుంచి', 'కి' రాలిపోతాయి. పక్క వాక్యాలూ తేల్చలేదు. అందుకే అక్కడ మాత్రం "ఏ ఊరి నుంచి వచ్చాడో ఆ ఊరు" అనే ఉంచేశాను.