రెండు ఫేజులు నలుపు, ఒకటి కొత్తగా

పొద్దున ఆరున్నరకే కనగల్ వైపు నుంచి రైతు ఫోన్. 5 హెచ్‌పీ బోరు మోటరు మళ్లీ కాలిందట. ఇరవై రోజుల కింద మా బావ వైండింగ్ చేసి ఇచ్చిందే. యాసంగి వరి పొట్ట మీద ఉంది, అతని టెన్షన్ అతనిది. "మీ బావ చేతి పని ఇంతేనా?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

బావ, నేను 1994లో ఒకే షాపులో పనికి చేరినం. ఆయన వైండింగ్ దగ్గరే కూర్చుండిపోయిండు. నేను ఇంటి వైరింగ్, స్టార్టర్లు, ఇన్వర్టర్లు, సీసీ కెమెరాలు, ఏది వస్తే అది పట్టుకున్న. మొదటి పదేళ్లు నా జేబే బరువు. ఆయన నెలల తరబడి ఫ్యాన్లు చుట్టుకుంటూ ఉండేవాడు. తర్వాత ఆయన చేయికి పేరొచ్చింది. దేవరకొండ వైపు నుంచి కూడా మోటర్లు ఆటోల్లో ఆయన దగ్గరికే వచ్చేవి. నేను ఒక్కో కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్న.

మోటరును పైకి తీసి, నల్గొండ షాపుకు తెచ్చేసరికి పన్నెండయింది. బావ స్టేటర్ మూత ఊడదీసిండు. కుర్రాడు టార్చి పట్టుకుండు. ఇదివరకు బావకు కిటికీ వెలుతురు చాలేది. కాయిల్ తలల చుట్టూ వేలు తిప్పి, "రెండు ఫేజులు బొగ్గయినయి. మూడోది చూడు, మొన్న చుట్టినట్టే ఉంది" అన్నాడు. స్టార్ కనెక్షన్‌లో ఒక ఫేజు పోతే మిగిలిన రెండే బరువంతా మోస్తాయి, ఆ రెండే కాలుతాయి. వైండింగ్‌లో వైరుకు గీత పడి ఉంటే ఒక స్లాటు దగ్గరే పేలి ఉండేది. ఇంపెల్లర్ పట్టేసి ఉంటే మూడూ ఒక్క తీరుగ మాడేవి. బావ ఇదంతా నిమిషంలో చెప్పిండు, మీటరు ముట్టుకోలేదు.

కానీ ఫేజు ఎందుకు పోయింది? రైతు మాట ఒకటే: "స్టార్టర్‌ల ప్రివెంటర్ ఉంది కదా, ఆగకపోయె?" బావ నా దిక్కు చూసిండు. ఇక్కడ నా వంతు వచ్చింది. పొద్దున నేను స్టార్టర్ విప్పి చూసినప్పుడు మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టర్‌లో ఒక పాయింటు గుంతపడి, నల్లగా ఉంది. ప్రివెంటర్ అంటే ఒక ఫేజు పోతే మోటరును ఆపేది. అక్కడ పెట్టింది వోల్టేజీ చూసే రకం. అది లోపలికి వచ్చే లైను మీదే కాపలా కాస్తుంది. లైనులో మూడు ఫేజులూ ఉన్నాయి, కాబట్టి దాని లెక్కలో అంతా బాగానే ఉంది. ఫేజు తెగింది ఆ తర్వాత, పాయింటు దగ్గర. కరెంటు చూసే రకం రిలే ఉంటే పట్టుకునేది. పాయింట్లు మార్చకుండా మోటరు దింపితే, మూడోసారీ కాలేది.

రైతు చల్లబడ్డాడు. బావ చాయ్ తెప్పించిండు.

చాయ్ తాగుతూ బావ కళ్లద్దాలు తుడుచుకుంటుంటే ఆయన చేతులు చూసిన. నీళ్ల మోటరు వైండింగ్ అంటే పాలీ వైరును ఒక్కో చుట్టూ పొడుగు స్లాట్‌లోంచి గుంజాలి. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు. ఎక్కడైనా పొర గీసుకుంటే నీళ్లు పట్టి షార్ట్. యాభై నాలుగేళ్లకు ఆ గీత కంటికి ఆనడం లేదు. గుంజేది ఇప్పుడు ఇద్దరు పిల్లలే. బావ చుట్ల లెక్క చెబుతాడు, చుట్టినదాని మీద వేలు నడిపి చూస్తాడు, కాలినదాన్ని చదువుతాడు. నిజానికి ఆయనను ఇబ్బంది పెట్టింది వయసొక్కటే కాదు. బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాక పోయేది ఎక్కువగా లోపలి కార్డు, వైండింగ్ కాదు. వానాకాలంలో షాపు అద్దె కట్టిన ఫ్యాన్ల పని సగానికి పడిపోయింది. బోరు మోటర్లు మాత్రం యాసంగి ఉన్నంతకాలం కాలుతూనే ఉంటాయి, అదే ఆయనను నిలబెట్టింది.

నా సంగతి వేరే. పని ఏనాడూ తగ్గలేదు, మోకాళ్లు తగ్గినయి. నిచ్చెన ఎక్కి కెమెరా బిగించే పనికి ఇరవై ఐదేళ్ల పిల్లగాడు నాకంటే తక్కువకు వస్తాడు, యాప్ కూడా నాకంటే తొందరగా సెట్ చేస్తాడు. అక్కడ నా ముప్పై ఏళ్లకు విలువ లేదు. ఇవాళ లాగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా ఎక్కడ తెగిందో వెతకాల్సి వస్తేనే నన్ను పిలుస్తారు. నేను దాచుకున్న లోతు ఒక్క స్టార్టర్ల దగ్గరే ఉందని ఇన్నేళ్లకు అర్థమైంది. అదీ అనుకుని చేసింది కాదు.

"బామ్మర్దీ, వచ్చే యాసంగి నుంచి నేను చుట్టిన ప్రతి మోటరుకు ముందు నువ్వు పోయి స్టార్టర్ చూడు, పైసలు బిల్లులోనే కలుపుదాం" అన్నాడు బావ. వచ్చే యాసంగి ఎందుకు బావా, రేపటి నుంచే అన్న.

వైండింగ్ రేపు పూర్తవుతుంది. రాత్రంతా నీళ్ల డ్రమ్ములో నానబెట్టి, ఎల్లుండి పొద్దున మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడాలి. స్టార్టర్‌కు కొత్త పాయింట్ల కిట్ క్లాక్ టవర్ దగ్గర కొని బండిలో వేసుకున్న.