రెండు శ్రుతుల మధ్య ఇరుక్కున్న వేణువు

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలోనే సాయంత్రాలు వయొలిన్ పాఠాలు చెబుతాను. మొన్న వేసవిలో తొమ్మిదో తరగతి చదివే శిష్యురాలు ఫోను తెచ్చి, "మాష్టారూ, ఈ వేణువు బిట్ నాకు నేర్పిస్తారా?" అని అడిగింది. ఎవరో పంపిన ఒక నిమిషం యాభై సెకన్ల వీడియో అది. ఏదో షార్ట్ ఫిల్మ్‌లోని ముక్క. వంటింట్లో ఒకావిడ టిఫిన్ డబ్బా సర్దుతూ ఉంటుంది, కొడుకు వచ్చి రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతాడు. వాళ్ల మాటల వెనకాల వేణువు. సినిమా పేరు లేదు, తీసినవాళ్ల పేర్లు లేవు. పైగా ఆ సంగీతం సరిగ్గా ఒక సంగతి మధ్యలో తెగిపోతుంది. విన్న ప్రతిసారీ గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టే ఉండేది. పూర్తి ట్రాక్ వినకుండా పిల్లకు నేర్పకూడదనుకున్నాను.

పాటలను గుర్తుపట్టే యాప్‌కు నాలుగుసార్లు వినిపించాం. ఏమీ దొరకలేదు. కూనిరాగం తీస్తే వెతికిపెట్టే సదుపాయంలో నేనే పాడాను. ఆ స్వరాలతోనే మొదలై వేరే దారి పట్టే సినిమా పాటలు చూపించింది.

అప్పుడు నాకు తెలిసిన పద్ధతిలోకి వెళ్లాను. శ్రుతిపెట్టె పెట్టి, వేణువు నిలబడే స్వరాన్ని షడ్జమం అనుకుని శ్రుతి కలపబోయాను. హార్మోనియం మీద ఒకటిన్నర, రెండు శ్రుతులు పక్కపక్క మెట్లు. ఒకటిన్నర పెడితే వేణువు పైకి పోతోంది, రెండు పెడితే కిందికి జారుతోంది. ట్యూనర్‌లో చూస్తే ఆ స్వరం దాదాపు 285 హెర్ట్జ్. ఒకటిన్నర శ్రుతి 277, రెండు 294. అంటే దాదాపు సగం దారిలో ఉంది. కచేరీలో అయితే విద్వాంసుడు తన వేణువుకు తగ్గట్టు ఎక్కడైనా శ్రుతి చేసుకోవచ్చు. కానీ ఈ ముక్కలో వేణువు వెనక కీబోర్డు తీగలు మోగుతున్నాయి, అవీ అక్కడే ఉన్నాయి. స్టూడియోలో కీబోర్డు మీద కట్టిన సంగీతం మెట్టు మీదే ఉండాలి తప్ప రెండు మెట్ల మధ్య ఉండదు. కాబట్టి తర్వాత ఎవరో దీని వేగం మార్చారు. ఇతరుల వీడియోలను మళ్లీ ఎక్కించేవాళ్లు, యంత్రాలు పట్టుకోకుండా ఇలా కొద్దిగా వేగం మారుస్తుంటారు.

యాప్‌కు దొరకనిది కూడా ఇందుకే. అలాంటి యాప్ అయిన షాజమ్ పని తీరును దాన్ని తయారుచేసినవారిలో ఒకరైన ఏవరీ వాంగ్ 2003లోనే ఒక వ్యాసంలో వివరించారు. ధ్వనిలో బలంగా ఉన్న పౌనఃపున్యాలను ఆకాశంలో చుక్కల్లా గుర్తించి, ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య ఎంత కాలముందో చూసి, ఆ జంటలను తన దగ్గరున్న రికార్డింగుల జంటలతో పోలుస్తుంది. మాటలు, చప్పుళ్లు అడ్డొచ్చినా కొన్ని చుక్కలు మిగులుతాయి, పని జరిగిపోతుంది. కానీ వేగం మారితే చుక్కలన్నీ ఒక్కసారే పక్కకు జరుగుతాయి. అప్పుడు ఎంత శుభ్రంగా వినిపించినా పోలిక కుదరదు.

ఇక తేలాల్సింది ఒకటే. ఇది ఒకటిన్నర శ్రుతి నుంచి వేగం పెంచినదా, రెండు శ్రుతి నుంచి తగ్గించినదా? రెండింటికీ తేడా మూడు శాతం చొప్పునే ఉంది. చెవితో ఇది తేల్చలేను. చిక్కు విప్పింది ఆ అమ్మాయి అన్నయ్య. గుంటూరులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. వీడియో మొదట్లో సంగీతం రాకముందు, మాటలూ లేని నాలుగు సెకన్లున్నాయి. ఆ వంటింటి గోడ మీద పాతకాలం చోక్ ఉన్న ట్యూబులైటు వెలుగుతోంది. "మాష్టారూ, కరెంటు యాభై సైకిళ్లు. చోక్ ప్రతి సైకిల్లో రెండుసార్లు అదురుతుంది, కాబట్టి వంద దగ్గర గుయ్యిమంటుంది. ఇందులో ఎంత ఉందో చూద్దాం" అన్నాడు.

ధ్వనిని ఎడిట్ చేసే ఆడాసిటీ ప్రోగ్రాంలో ఆ నాలుగు సెకన్లు ఎంచుకుని, ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచి, సైజు 65536 పెట్టాడు. ఆ సంఖ్య పెద్దదైతే గీత సన్నగా వస్తుంది, ఒక హెర్ట్జ్ తేడా కూడా కనిపిస్తుంది. గీత మీద మూడు మొనలు లేచాయి: 103, 206, 309. వంద ఉండాల్సిన చోట 103 ఉంది. మన గ్రిడ్ పౌనఃపున్యాన్ని 49.90 నుంచి 50.05 మధ్య నిలపాలని నిబంధన. కరెంటే మూడు శాతం తప్పే అవకాశం లేదు. అంటే వీడియోను మూడు శాతం వేగంగా తిప్పారు. వేణువు నిజంగా పలికింది ఒకటిన్నర శ్రుతిలోనే.

ఈ కొలత అన్ని చోట్లా పనికిరాదు. మాటలు స్టూడియోలో డబ్బింగ్ చెప్పిన సీరియల్ అయితే ఇంటి గుయ్యి అందులో ఉండదు. ఎడిటర్ సంగీతం ఒక్కదాన్నే సాగదీసి వేసి ఉంటే, గుయ్యి వందలోనే ఉండి సంగీతం మాత్రం తేడాగా ఉండేది. మాకు రెండూ ఒకే లెక్కకు వచ్చాయి కాబట్టి నమ్మాం.

వేగాన్ని 0.971 రెట్లకు తగ్గించి, ఎవరూ మాట్లాడని పదకొండు సెకన్లు కత్తిరించి మళ్లీ యాప్‌కు వినిపించాం. ఈసారి వెంటనే పేరొచ్చింది. ఒక భక్తిగీతాల ఆల్బమ్‌లోని పాట, 2019లో విడుదలైంది. పాట తెరిస్తే మొదటి నలభై సెకన్లు మా వేణువే, తర్వాత గాయని గొంతు. పిల్ల ఎగిరి గంతేసింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. వేణువు ముగిసి పల్లవి ఎత్తుకునే చోట అతుకు వినిపిస్తోంది. వేణువు వెనకున్న గది మోత ఒక్కసారిగా ఆగిపోయి, ఇంకో గదిలో పాట మొదలైనట్టు ఉంది. పాట కోసం కట్టిన ముందు వాద్యం అలా ఉండదు. ఇద్దరూ ఒకే చోటి నుంచి తెచ్చుకున్నారేమోనన్న అనుమానం వచ్చింది. యాప్ చెప్పేది ఈ రికార్డింగ్ ఫలానా పాటలో ఉందని మాత్రమే. అక్కడే పుట్టిందని కాదు.

షార్ట్ ఫిల్మ్ ఎప్పటిదో తెలిస్తే ఈ అనుమానం తీరుతుంది. వీడియోలోని బొమ్మతో గూగుల్ లెన్స్‌లో అంతకుముందే వెతికి వదిలేశాం. ఈసారి బొమ్మను తేరిపార చూస్తూ పిల్ల అంది: "మాష్టారూ, ఆవిడ పైట కుడి భుజం మీద ఉంది." నిజమే. ఇన్నిసార్లు చూసినా నా కంటికి ఆనలేదు. వేగం మార్చినవాళ్లు బొమ్మను కూడా అద్దంలోలా తిప్పేశారు. తిరిగి సరిచేసి, పైట ఎడమ భుజానికి వచ్చిన బొమ్మతో వెతికితే మూడో వరుసలోనే పూర్తి షార్ట్ ఫిల్మ్ దొరికింది. 2016లో ఎక్కించారు. భక్తిగీతం కంటే మూడేళ్లు ముందు. చివర దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్ అన్నింటికీ పేర్లున్నాయి. సంగీతం అన్న వరుసే లేదు. ఎవరి చేతనైనా చేయించి ఉంటే ఆ వరుస తప్పకుండా ఉండేది. రెడీమేడ్ సంగీతం తెచ్చి వేశారని అప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

పూర్తి ఫిల్మ్ వల్ల ఇంకో మేలు జరిగింది. అందులో సంగీతం రెండు వైపులా విడిగా ఉంది, మాటలు నడిమధ్య ఉన్నాయి. ఒక చానెల్‌ను తలకిందులు చేసి రెండోదానితో కలిపితే మధ్యలో ఉన్న మాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, వేణువూ తీగలూ మిగిలాయి. ఫోన్లో తిరిగిన ముక్కతో ఇదే పని ముందే చేసి చూశాం. పూర్తి నిశ్శబ్దం వచ్చింది. రెండు చానెళ్లలోనూ ఒకటే ధ్వని ఉంటే అలాగే అవుతుంది.

ఆ తర్వాత కుర్రవాడు తన యూట్యూబ్ ఖాతాలో, ఒక నల్ల బొమ్మ మీద ఈ శుభ్రం చేసిన సంగీతం వేసి, ఎవరికీ కనిపించకుండా ప్రైవేటుగా ఎక్కించాడు. ఎక్కించేటప్పుడే అక్కడ హక్కుల తనిఖీ జరుగుతుంది. నమోదైన సంగీతం ఉంటే దాని పేరు, హక్కుదారు, ఏ సెకను నుంచి ఏ సెకను వరకు ఉందో చూపిస్తుంది. ఇలా వచ్చే క్లెయిమ్ వేరు, ఖాతాకు దెబ్బ తగిలే స్ట్రైక్ వేరు. చూసుకోగానే ఆ వీడియో తీసేశాడు. హక్కుదారు నమోదు చేయని సంగీతానికి ఈ దారిలో ఏమీ తేలదు. మాకు రెండు క్లెయిములు వచ్చాయి. ఒకటి ఆ భక్తిగీతం. రెండోది సినిమాలకూ ప్రకటనలకూ సంగీతం అద్దెకిచ్చే ఒక విదేశీ లైబ్రరీ.

లైబ్రరీ సైటులో ఆ పేరు పెట్టి వెతికాం. పేరు రెండు ఇంగ్లీషు మాటలు, వాటిలో వేణువు ప్రస్తావనే లేదు. వేణువు, ఇండియా అని ఎంత వెతికినా మాకు దొరికేది కాదు. ఒకే ట్రాక్‌కు నాలుగు రూపాలున్నాయి: పూర్తిది, తాళవాద్యం లేనిది, వేణువు ఒక్కటే ఉన్నది, ముప్పై సెకన్లది. షార్ట్ ఫిల్మ్‌లో వాడింది తాళం లేనిది, భక్తిగీతంలో వాడింది పూర్తిది. సరిచూసుకోవడానికి ఆడాసిటీలో ఫిల్మ్ ధ్వనినీ దీన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి, మొదటి స్వరం దగ్గర కలిపాం. ఎనభై సెకన్ల తర్వాత కూడా రెండు వేణువులూ ఒకే గొంతుగా వినిపించాయి. ఇంకెవరో వాయించిన నకలైతే పది సెకన్లలోనే ఊపిరి తేడా తెలిసిపోతుంది. ట్రాక్ కింద స్వరకర్త పేరూ ఉంది. మా పిల్ల దాన్ని తన నోట్సులో పైన రాసుకుంది.

సినిమాలో తెగిపోయిన సంగతి తర్వాత ఏముందో అప్పుడు విన్నాం. ఇంకో యాభై సెకన్లు ఉంది. నేను షడ్జమం అనుకున్న స్వరం మీద వేణువు మళ్లీ మళ్లీ నిలబడి, చివరికి అక్కడ ఆగకుండా దాని మధ్యమానికి పైకి వెళ్లి, అక్కడ నెమ్మదిగా ఆగిపోయింది. వెనక తంబూరా లేకపోవడంతో నేను పంచమాన్ని షడ్జమంగా పొరబడ్డాను. పిల్లకు శుద్ధసావేరి రాగం అని చెప్పాను. అది మోహన. మోహనలో పంచమాన్ని షడ్జమం చేస్తే శుద్ధసావేరి వస్తుందని గ్రహభేదం పాఠంలో నేనే చెబుతుంటాను.

శ్రుతిపెట్టెను ఒకటిన్నర నుంచి నాలుగున్నరకు మార్చాను. హార్మోనియం ముందు కూర్చుని స రి గ ప ద వేలితో నొక్కి చూశాను. ఐదుకు ఐదూ నల్ల మెట్లే. ఆ స్వరకర్త కీబోర్డు మీద నల్ల మెట్లు తప్ప ఇంకేమీ తాకకుండానే ఈ వేణువుకు దారి వేసి ఉంటాడనిపించింది. పిల్ల పక్కన కూర్చుని, అప్పటిదాకా రాసుకున్న "స రి మ ప ద"లు రబ్బరుతో తుడిచి, వాటి మీదే "ప ద స రి గ" అని రాసుకోవడం మొదలుపెట్టింది.