గేట్ మెకానికల్: ఎనిమిది సెమిస్టర్ల నోట్సులో ముందు ఏది తీయాలి?

ఈ మార్చి ఫలితాలతో గేట్ గట్టెక్కాను. ఇది నా రెండో ప్రయత్నం. మొదటిసారి నన్ను దెబ్బతీసింది చదువు తక్కువై కాదు, నోట్సు తిరగేసిన వరుస. మొదటి సెమిస్టర్ నుంచి ఒక్క పేజీ వదలకుండా నడిచాను. జనవరి వచ్చేసరికి హీట్ ట్రాన్స్‌ఫర్ దగ్గరే ఉన్నాను. ఆగస్టులో చదివిన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ అప్పటికే మరుపున పడింది.

రెండోసారి నోట్సు తెరవకముందే ఒక పాత ప్రశ్నపత్రం తీసుకుని మూడు గంటల్లో రాశాను. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన సబ్జెక్టు పేరు కాకుండా, లెక్క ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసుకున్నాను. అసలు విషయం అక్కడ బయటపడింది.

ఉదాహరణకు, సాధనకు తీసుకున్న ఒక మెషిన్ డిజైన్ లెక్కలో 80 మి.మీ. వ్యాసమున్న షాఫ్ట్‌పై 3 కిలోన్యూటన్-మీటర్ల బెండింగ్ మొమెంట్, 4 కిలోన్యూటన్-మీటర్ల టార్క్, వాటితో పాటు 100 కిలోన్యూటన్ల అక్షీయ లాగుడు ఉన్నాయి. నేను బట్టీపట్టిన T_e = √(M² + T²) సూత్రంలో అంకెలు వేసి, గరిష్ఠ షియర్ స్ట్రెస్ సుమారు 50 మెగాపాస్కల్ అన్నాను. ఆ సూత్రంలో అక్షీయ బలానికి చోటే లేదు. బెండింగ్ వల్ల వచ్చే 60కి లాగుడు వల్ల వచ్చే 20 కలిపి, నార్మల్ స్ట్రెస్ 80, టార్క్ వల్ల షియర్ స్ట్రెస్ 40 అని మోర్ వృత్తం గీస్తే దాని వ్యాసార్థం 56 దాకా వస్తుంది. తప్పిన ప్రశ్న మెషిన్ డిజైన్‌దే అయినా, మరిచిపోయింది రెండో సంవత్సరపు మోర్ వృత్తం. డిజైన్ నోట్సు పదిసార్లు చదివినా ఈ తప్పు నన్ను వదిలేది కాదు.

అందుకే ఎక్కువ తప్పులు ఏ పాఠంలోకి వెనక్కి దారి తీశాయో ఆ పాఠాన్నే మొదట తీశాను: మోర్ వృత్తం, తర్వాత థర్మోడైనమిక్స్‌లోని స్టెడీ ఫ్లో ఎనర్జీ సమీకరణం. ఈ రెండోది చేతికి వస్తే టర్బైన్, కంప్రెసర్, రిఫ్రిజరేషన్ లెక్కలు చాలావరకు దాని వెంటే వస్తాయి. మాన్యుఫాక్చరింగ్, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పాఠాలపై మిగతావి అంతగా ఆధారపడవు, పైగా త్వరగా మరిచిపోతాం. కాబట్టి వాటిని డిసెంబరుకు నెట్టాను. బద్ధకంతో నెట్టానని స్నేహితులు అన్నారు, కాదని ఇప్పటికీ నా వాదన.

పాతవి జారిపోకుండా ప్రతి ఆదివారం, అప్పటిదాకా పూర్తయిన పాఠాలన్నిటి నుంచి కలగలిపి పది లెక్కలు నోట్సు చూడకుండా చేసేవాణ్ని. ఒకే పాఠం నుంచి రెండు తప్పితే, ఆ వారం కొత్త పాఠం ఆపి దాన్నే మళ్లీ తీసేవాణ్ని. దీనివల్ల ప్రణాళిక మూడు వారాలు వెనకబడింది. ఆ లోటు పూడ్చడానికి మెట్రాలజీని పూర్తిగా వదిలేశాను.