చివరి ఏడాది తర్వాతి విలువ: ఒక లెక్కను మూడుసార్లు తిరగరాసిన నా అనుభవం

మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలున్న ఒక కుటుంబ సంస్థలో భాగస్వామి ఒకరు తన వాటా అమ్ముకోవాలనుకున్నప్పుడు, ఆ సంస్థ విలువ కట్టే పని నాకు వచ్చింది. పన్ను, కొత్త పెట్టుబడి పోను చేతిలో మిగిలే సొమ్ము, అంటే ఫ్రీ క్యాష్ ఫ్లో, మొదటి ఏడాది 10 కోట్లు, అది ఏటా 10 శాతం చొప్పున పెరిగి అయిదో ఏడాదికి 14.64 కోట్లు అవుతుందని అంచనా వేశాను. రాబోయే సొమ్మును నేటి విలువకు తగ్గించే డిస్కౌంట్ రేటు 12 శాతంగా తీసుకుంటే ఆ అయిదేళ్ల ప్రస్తుత విలువ 43.1 కోట్లే వచ్చింది. ఆ తర్వాతి కాలమంతటికీ 5 శాతం వృద్ధి అనుకుని, ఆ కాలపు విలువకు, అంటే టెర్మినల్ వాల్యూకు, ఈ సూత్రం వాడాను; ఇందులో TV టెర్మినల్ వాల్యూ, FCF6 ఆరో ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో, r డిస్కౌంట్ రేటు, g వృద్ధి రేటు:

```
TV = FCF6 / (r − g) = 15.37 / (0.12 − 0.05) = 219.6
```

మొదటిసారి దీన్ని ఆరేళ్లకు డిస్కౌంట్ చేశాను. లవంలో ఉన్నది ఆరో ఏడాది సొమ్మే అయినా, సూత్రం ఇచ్చేది అయిదో ఏడాది చివరినాటి విలువ కాబట్టి అయిదేళ్లకే డిస్కౌంట్ చేయాలి. ఆ ఒక్క పొరపాటుతో 13 కోట్లు తగ్గిపోయాయి. సరిదిద్దాక టెర్మినల్ వాల్యూ ప్రస్తుత విలువ 124.6 కోట్లు, మొత్తం 167.7 కోట్లు అయింది.

అయితే వృద్ధిని 5 నుంచి 6 శాతానికి మార్చి చూస్తే మొత్తం ఒక్కసారిగా 22 కోట్లు పెరిగింది. నాకు భయం వేసింది, ఎందుకంటే అమ్మేవారు 6 అంటారు, కొనేవారు 5 అంటారు, ఎవరి మాట సరైనదో నా లెక్క చెప్పలేదు. దాన్ని మా సీనియర్ గారికి చూపిస్తే ఆయన ఒకటే అడిగారు: "ఆ పెరుగుదలకు కొత్త గదులు కట్టే డబ్బు ఎక్కడ చూపించావు?"

తప్పు అక్కడే ఉంది. అయిదో ఏడాదికి నిర్మాణాలు ముగుస్తాయని, పన్ను పోను 18 కోట్ల నిర్వహణ లాభంలో 3.36 కోట్లే తిరిగి పెట్టుబడిగా చూపి, మిగిలిన 14.64 కోట్లనే శాశ్వతంగా పెంచుకుంటూ పోయాను. పెట్టుబడిపై 15 శాతం రాబడి తెచ్చే వ్యాపారం ఏటా 5 శాతం పెరగాలంటే లాభంలో మూడో వంతు తిరిగి పెట్టాలి. ఆరో ఏడాది లాభం 18.9 కోట్లలో 6.3 కోట్లు తీసేస్తే మిగిలేది 12.6 కోట్లు. దాన్ని 7 శాతంతో భాగిస్తే 180 కోట్లు, దాని ప్రస్తుత విలువ 102 కోట్లు, మొత్తం 145 కోట్లు.

ఈసారి వృద్ధిని 6 శాతం చేస్తే లాభంలో 40 శాతం తిరిగి పెట్టాల్సి వచ్చింది, మొత్తం విలువ పెరిగింది 6 కోట్లే. ఆరో ఏడాది లాభాన్ని 18.9 కోట్ల దగ్గరే ఉంచి, కొత్త పెట్టుబడిపై రాబడి సరిగ్గా 12 శాతమే అనుకుంటే, ఆ తర్వాతి వృద్ధిని ఎంత మార్చినా టెర్మినల్ వాల్యూ కదలలేదు. దాంతో ఇరుపక్షాల చర్చ వృద్ధి రేటును వదిలి, కొత్త గదులపై నిజంగా 15 శాతం వస్తుందా అన్నదానికి మళ్లింది. దానికి జవాబు వెతకడానికి మేం గత నిర్మాణాల ఖాతాలు తెప్పించాం.