స్తంభం బాక్స్‌లోనా, బయటా? ఫిషింగ్ హార్బర్ బోట్ల డేటాసెట్, లేబుళ్ల తనిఖీ

విశాఖ ఫిషింగ్ హార్బర్ ఫొటోల్లో బోట్లను గుర్తించి లెక్కపెట్టే డిటెక్టర్ పని ఇది. మొత్తం ఆరు వందల ఫొటోలు, మూడు తరగతులు: మరపడవ, ఫైబర్ బోటు, తెప్ప. లేబుల్ చేసింది, అంటే ప్రతి బోటు చుట్టూ బాక్స్ గీసి దాని తరగతి రాసింది ఇద్దరు, చెరి సగం. వీళ్లను ఎ, బి అనుకుందాం. ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఇద్దరి చేతా అవే 60 ఫొటోలు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా లేబుల్ చేయించాం. ఈ విడత రాసేదంతా ఆ 60 ఫొటోల్లో ఏం తేలింది, దాన్ని ఎలా సరిచేశాం అన్నదే.

ఆ 60 ఫొటోలను లాటరీ వేసి తీస్తే సరిపోదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మరపడవలన్నీ జెట్టీల దగ్గర ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. నిషేధం ఎత్తేశాక అదే జెట్టీ సగం ఖాళీ. లేబులర్లు గొడవపడేది కిక్కిరిసిన ఫొటోల్లోనే కాబట్టి నిషేధ కాలం నుంచి 30, మిగతా కాలం నుంచి 30 తీసుకున్నాం. దారిలో ఒక చిక్కు వచ్చింది. మూడు ఫొటోల్లో ఇద్దరి బాక్సులూ ఎక్కడా కలవలేదు, రెండు బాక్సులు ఎంత కలిశాయో చెప్పే ఐఓయూ అన్నిటికీ సున్నా. ఫోన్ నిలువుగా పట్టి తీసిన ఫొటోలవి. ఫొటోను ఎటు తిప్పి చూపాలో చెబుతూ ఫైల్‌లో ఉండే ఎక్సిఫ్ రొటేషన్ గుర్తును ఒక లేబులింగ్ టూల్ పాటించింది, రెండోది పట్టించుకోలేదు. ఫొటో మొత్తానికి సున్నా వస్తే లేబులర్‌ను అనకముందు ఫైల్‌ను అనుమానించాలి. ఫొటోలన్నీ నిజంగానే తిప్పి, ఎక్సిఫ్ తీసేసి, ఆ మూడూ మళ్లీ లేబుల్ చేయించాక లెక్క మొదలైంది.

ఐఓయూ అంటే రెండు బాక్సులు కలిసిన వైశాల్యాన్ని, రెండూ కలిపి ఆక్రమించిన మొత్తం వైశాల్యంతో భాగించగా వచ్చేది. అచ్చంగా ఒకటైతే 1, అసలు తగలకపోతే 0. ఎ గీసిన ఏ బాక్స్ బి గీసిన ఏ బాక్స్‌కు జత అన్నది ముందు తేల్చాలి. బోట్లు ఆనుకుని ఉన్నచోట "దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకో" అంటే ఒకే బాక్స్ రెండు బాక్సులకు జతైపోతుంది. అందుకే ఫొటో మొత్తానికి కలిపి మంచి జతలు వెదికే హంగేరియన్ పద్ధతి వాడాం.

```python
import numpy as np
from scipy.optimize import linear_sum_assignment

def iou(a, b):              # x1, y1, x2, y2
    w = min(a[2], b[2]) - max(a[0], b[0])
    h = min(a[3], b[3]) - max(a[1], b[1])
    if w <= 0 or h <= 0:
        return 0.0
    area = lambda r: (r[2] - r[0]) * (r[3] - r[1])
    return w * h / (area(a) + area(b) - w * h)

def match(A, B, t):
    if not A or not B:
        return []
    M = np.array([[iou(a, b) for b in B] for a in A])
    r, c = linear_sum_assignment(-M)
    return [(i, j) for i, j in zip(r, c) if M[i, j] >= t]
```

జత కట్టేటప్పుడు తరగతి పేరు చూడలేదు. చూస్తే, ఒకరు ఫైబర్ బోటు అని, ఇంకొకరు మరపడవ అని రాసిన ఒకే బోటు "ఇద్దరూ చెరొకటి వదిలేశారు" అన్న లెక్కలో పడిపోతుంది.

మొదటి లెక్క ఇలా వచ్చింది. ఎ 412 బాక్సులు, బి 377. జత అనడానికి కావాల్సిన కనీస ఐఓయూ హద్దు `t=0.5` దగ్గర 281 జతలు కుదిరాయి, వాటి సగటు ఐఓయూ 0.84. ఆ 0.84 చూసి లేబుళ్లు బాగున్నాయని ముందుకెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆ సగటులో ఉన్నవి కుదిరిన జతలు మాత్రమే, కుదరనివాటికి అందులో చోటే లేదు. జతలను రెండింతలు చేసి ఇద్దరి బాక్సుల మొత్తంతో భాగిస్తే 562/789, అంటే 0.71. ఎ వైపు 131, బి వైపు 96 బాక్సులకు తోడు దొరకలేదు. ఇద్దరు మనుషులు జెట్టీ దగ్గర అన్నేసి బోట్లు చూడకుండా వదిలేస్తారా? నమ్మబుద్ధి కాలేదు.

అందుకని హద్దు దించి `t=0.1` పెట్టి మళ్లీ నడిపాం. జతలు 352 అయ్యాయి. అంటే 71 బోట్లను ఇద్దరూ చూశారు, ఇద్దరూ గీశారు, కానీ గీతలు ఎంత తేడాగా ఉన్నాయంటే మొదటి లెక్కలో వేరువేరు వస్తువులుగా పోయాయి. 0.5 హద్దు ఒక్కటే పెట్టుకున్నవాళ్లకు ఇది ఎప్పటికీ కనిపించదు. వదిలేయడం ఒక తప్పు, ఒకే బోటును రెండు రకాలుగా గీయడం ఇంకో తప్పు. రెండింటికీ మందు వేరు.

ఆ 71 జతల్లో తేడా ఏ అంచున ఉందో చూడాలి. నాలుగు అంచులకూ ఎ విలువలోంచి బి విలువ తీసేసి, ఆ జతలో చిన్న బాక్స్ ఎత్తుతోగానీ వెడల్పుతోగానీ భాగించాలి. ప్లస్, మైనస్ గుర్తులు అలాగే ఉంచాలి. చేయి వణుకు లాంటి తేడా అయితే విలువలు సున్నాకు అటూ ఇటూ సమంగా చెదురుతాయి. ఇక్కడ ఎడమ, కుడి అంచులు అలాగే ఉన్నాయి. పై అంచు మాత్రం 58 జతల్లో ఒకే దిక్కుకు లాగింది: ఎ గీత ఎప్పుడూ పైనే ఉంది, బోటు ఎత్తుకు ఒకటింబావు, ఒకటిన్నర రెట్లు పైన.

తెరిచి చూస్తే విషయం అర్థమైంది. ఒక మరపడవ పక్కనుంచి కనిపిస్తోంది. బి గీసింది బాడీ, క్యాబిన్ కలిపి 180 వెడల్పు, 60 ఎత్తు పిక్సెళ్లు. ఎ గీసింది స్తంభం కొసన జెండా దాకా, 180 వెడల్పు, 140 ఎత్తు. ఐఓయూ 60/140, అంటే 0.43. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. లేబులింగ్ సూచనల కాగితంలో "బోటు మొత్తం బాక్స్‌లో రావాలి" అని రాసి ఉంది. స్తంభం బోటులో భాగమా కాదా అన్నది అందులో లేదు.

దీన్ని ఇలాగే ట్రైనింగ్‌కు వదిలేస్తే మోడల్ రెండు రకాలకూ మధ్యలో గీయడం నేర్చుకునే వీలుంది. ఎత్తు 100 అని గీసిందనుకోండి. బి బాక్స్‌తో ఐఓయూ 0.60, ఎ బాక్స్‌తో 0.71. 0.5 హద్దు దగ్గర రెండూ సరైనవే, 0.75 దగ్గర రెండూ తప్పే. 0.5 హద్దు దగ్గరి స్కోరు `mAP50` బాగుండి, 0.5 నుంచి 0.95 దాకా హద్దుల సగటు స్కోరు `mAP50-95` బాగా కిందికి వస్తే చాలామంది మోడల్ సైజు పెంచుతారు. ముందు చూడాల్సింది లేబుళ్ల అంచులు.

స్తంభం బయటే ఉండాలని నిర్ణయించాం. దానికి కారణం ఉంది. స్తంభం సన్నగా ఉంటుంది, దాని కోసం బాక్స్ పైకి పెంచితే నిండేది ఆకాశం, వెనక బోటు క్యాబిన్. ఆనుకుని కట్టిన బోట్లలో అలాంటి పొడుగు బాక్సులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, చివర్లో డూప్లికేట్ బాక్సులను ఏరేసే ఎన్‌ఎంఎస్ వాటిని ఒకే బోటు అనుకుని ఒకదాన్ని కొట్టేస్తుంది. బోట్లు లెక్కపెట్టడమే పనైనప్పుడు అది నేరుగా లెక్కనే చెడగొడుతుంది.

మిగిలిన 13 జతల్లో తగువు ముందు బోటు వెనక దాగిన బోట్ల గురించి. ఒకరు కనిపించేంత వరకే గీశారు, ఇంకొకరు దాగిన భాగాన్ని కూడా ఊహించి గీశారు. కొత్త నియమం: కనిపించే భాగమే గీయాలి, అదీ ముందు ముక్కుగానీ క్యాబిన్‌గానీ కనబడితేనే. పనిలో పనిగా కింది అంచు కూడా తేల్చి రాశాం. పొద్దున్న హార్బర్ నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు బోటు నీడ అద్దంలోలా పడుతుంది, కొన్ని బాక్సులు ఆ నీడలోకి దిగాయి. నీటి గీత దగ్గర ఆగాలి.

హద్దు దించినా తోడు దొరకనివి ఎ వైపు 60, బి వైపు 25. దాదాపు అన్నీ అవతలి జెట్టీ దగ్గర మసక మసకగా కనిపించే బోట్లే. వీటితో ఐఓయూ కొలత కూడా కఠినంగా ప్రవర్తిస్తుంది. 20×20 బాక్స్ రెండు పిక్సెళ్లు పక్కకు, రెండు కిందికి జరిగితే 0.68కి పడిపోతుంది. అదే జరుగుడు 200×200 బాక్స్‌లో 0.96. అందుకే బాక్సులను సైజు వారీగా విడగొట్టకుండా ఒకే సగటు చెప్పడం అన్యాయం. 12 పిక్సెళ్ల ఎత్తు లేని బోట్లను లేబుల్ చేయకూడదని పెట్టుకున్నాం. కానీ ఊరికే వదిలేస్తే ట్రైనింగ్‌లో అవి బోట్లు కావని మోడల్‌కు చెప్పినట్టవుతుంది. కోకో ఫార్మాట్‌లో గుంపుకు `iscrowd` గుర్తు ఉంది, యోలో టెక్స్ట్ ఫైల్‌లో అలాంటి గుర్తుకు చోటు లేదు. అందుకని ఆ దూరపు జెట్టీ ముక్కను ఫొటోలోనే బూడిద రంగుతో పూసేశాం.

తరగతుల సంగతి క్లుప్తంగా. యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసి ఇద్దరి ఒప్పందాన్ని కొలిచే కప్పా లెక్క జత కుదిరిన బాక్సుల మీదే వేయాలి. బోటు లేని చోట ఇద్దరూ ఏమీ గీయకపోవడాన్ని ఎన్నిసార్లని లెక్కపెడతాం, కాబట్టి "ఉందా లేదా" ప్రశ్నకు కప్పా సరిపోదు. స్పష్టంగా కనిపించే 240 జతల్లో 216 చోట్ల తరగతి కలిసింది, 0.90. మరపడవలే ఎక్కువ కావడంతో కళ్లు మూసుకుని చెప్పినా 0.575 కలుస్తుంది. దాన్ని తీసేస్తే కప్పా 0.76. తేడాలన్నీ ఎదురుగా ముక్కు మాత్రమే కనిపించే ఫైబర్ బోట్లవి. వాటిని ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటీ చూసి తేల్చారు.

ఇక మిగతా 540 ఫొటోల దిద్దుబాటు. రెండు బాక్సుల సగటు తీసుకుని సరిపెట్టే పని మాత్రం చేయకూడదు. బాడీ బాక్స్, స్తంభం బాక్స్ సగటు చేస్తే పై గీత స్తంభం నడుమున ఆగుతుంది, అది ఏ నియమం ప్రకారమూ సరి కాదు. సగటు పనికొచ్చేది చేయి వణుకుకే. అన్నీ మళ్లీ గీయనక్కర్లేదు కూడా. ఎ చేసిన ఫొటోల్లో మరపడవ బాక్సులను ఎత్తు/వెడల్పు నిష్పత్తి ప్రకారం పెద్దవాటి నుంచి వరసపెట్టాం. పై చెప్పిన బోటుకు స్తంభంతో అది 0.78, లేకుండా 0.33. 0.6 దాటినవన్నీ తెరిచి చూశాం. ఎదురుగా కనిపించే బోట్లు కూడా ఆ జాబితాలోకి వస్తాయి, వాటికి ఆ నిష్పత్తి సహజమే, కాబట్టి స్క్రిప్ట్‌తో గుడ్డిగా కోయకుండా కంటితోనే దిద్దాలి. ఒకే ఫైల్‌లో రెండు బాక్సుల మధ్య ఐఓయూ 0.9 దాటితే పొరపాటున రెండుసార్లు గీసినవని తీసేశాం.

నియమాలు మార్చాక మళ్లీ పాత 60 మీదే కొలిస్తే కుదరదు, ఆ తగువులన్నీ ఇద్దరికీ గుర్తున్నాయి. కొత్తగా 30 ఫొటోలు ఇచ్చాం. ఎ 198, బి 191, `t=0.5` దగ్గర 179 జతలు: 358/389, అంటే 0.92. `t=0.1` పెట్టినా జతలు నాలుగే పెరిగాయి. పై అంచు తేడా సున్నా చుట్టూ వచ్చి నిలిచింది.

ఈ 0.92 ఇద్దరి ఒప్పందమే, నిజం కాదు. ఇద్దరూ ఒకే తెప్పను చూడకుండా వదిలేస్తే ఈ లెక్కకు అది ఎప్పటికీ తెలియదు. ఇసుకలోకి లాగిన తెప్పలు నేల రంగులో కలిసిపోయి అలాగే తప్పించుకుంటాయి. వాటి కోసం పది ఫొటోలను మూడో మనిషి పెద్ద స్క్రీన్ మీద, నాలుగు ముక్కలుగా కోసి చూస్తున్నారు. ఆ జాబితా చేతికి రాగానే ట్రైన్, వాలిడేషన్ విడగొడతాం. రెండు వైపులా ఎ ఫొటోలూ బి ఫొటోలూ, నిషేధ కాలానివీ మిగతావీ ఉండేలా.