పిన్ని పాఠాలన్నీ ఒక వరుసలోకి రావడానికి నేను పడిన పాట్లు

పని నిన్న రాత్రే ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

విజయవాడలో ఉండే మా పిన్ని కర్ణాటక సంగీతం నేర్పుతుంది. సరళీ వరుసల నుంచి గీతాల దాకా ఆమె చెప్పిన పాఠాలు యూట్యూబ్‌లో వంద దాటాయి. వాటికి పేర్లు పెట్టిన చేతులు మూడు. మొదట్లో పిన్నే పెట్టింది: ‘పాఠం 4’. తరవాత మా తమ్ముడు ఫోనులో పెట్టాడు: ‘లెసన్ 9 - జంట స్వరాలు’. ఆపైన, ఛానెల్‌ను పెంచి చూపిస్తామని డబ్బు తీసుకున్న ఒక సంస్థ వచ్చింది. వాళ్లు ప్రతి శీర్షికలోనూ ‘అద్భుతమైన’, ‘తప్పక చూడండి’ దట్టించి, పాఠం పేరును చివరికి నెట్టారు. ఒకే రకం పాఠానికి సరళీ స్వరాలు, సరళి వరసలు, సరళీ వరుసలు అని మూడు పేర్లు. ప్లేలిస్టుల సంగతి ఇంకా ఘోరం. ‘హిట్స్’ అని ఒకటి, ‘కొత్తవి’ అని ఇంకొకటి.

దీని ఫలితం డల్లాస్ నుంచి వచ్చిన ఫోనుతో తెలిసింది. ఒక తండ్రి, ‘అమ్మగారూ, మా అమ్మాయి సససస అంటూ తడబడుతోంది, మీ పద్ధతిలో ముందు జంట వరుసలే చెబుతారా?’ అని అడిగాడు. ఆ పిల్ల ప్లేలిస్టు తెరిచి పైనున్న వీడియోతో మొదలుపెట్టింది. కొత్తగా చేర్చినది ముందు వచ్చేలా అమర్చి ఉండడంతో మొదటి పాఠం అట్టడుగున ఉంది. సరళీ వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నిలబడకుండా స్వరాన్ని జంటగా నొక్కి పలికించకూడదని ముప్పై ఏళ్లుగా చెబుతున్న మనిషికి అది ఎలా తగిలి ఉంటుందో చెప్పనక్కరలేదు. పిన్ని ఫోను పెట్టేసి, ‘ఏమే, ఇది నువ్వైనా బాగుచేయగలవా?’ అంది.

శీర్షికల మాదిరి ఖాయం చేయడానికి పెద్దగా కష్టపడలేదు. ఇలా పెట్టాం: ‘జంట వరుసలు 03 | రెండో కాలం | కర్ణాటక సంగీత పాఠాలు’. ఫోనులో సూచనగా వచ్చే వీడియోల శీర్షికలకు తోక తెగుతుంది. అందుకే ఒక పాఠానికీ మరో పాఠానికీ తేడా చెప్పే ముక్క ముందు, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే ముక్క చివర. ఉమ్మడి పేరు ముందు పెడితే చూసేవారికి పది వీడియోలు ఒకే పేరుతో కనిపిస్తాయి. ప్లేలిస్టు పేరులోనూ అక్షరం మారకుండా అదే ‘జంట వరుసలు’ ఉండాలి.

అంకెలు మొత్తానికి ఒకే వరుసలో వేయకుండా విభాగానికి విడిగా వేశాం. రేపు సరళీ వరుసల్లో ఒక పాఠం చేర్చినా అలంకారాల అంకెలు కదలవు. తొమ్మిది దాకా ఉన్న వాటికి ముందు సున్నా పెట్టడం మా సౌకర్యం కోసం. కంప్యూటర్లో ఫైళ్లనూ పేర్లనూ వరుస పెట్టేటప్పుడు 2 కంటే 10 ముందు రాకుండా ఉంటుంది. ఒకసారి బయటికి వెళ్లిన అంకెను మాత్రం మార్చకూడదు. ‘ఈ వారం జంట వరుసలు 05 సాధన చేయండి’ అని పిన్ని వాట్సాప్‌లో పంపిన సందేశాలు పిల్లల తల్లుల దగ్గర పడి ఉన్నాయి. మధ్యలో చేర్చాల్సిన సాధన వీడియోలకు అంకె లేకుండా ‘అభ్యాసం’ అని పేరు పెట్టాం.

అసలు నరకం ఇక్కడ మొదలైంది.

పాత శీర్షికలన్నీ ఒక జాబితాగా కావాలని యూట్యూబ్ స్టూడియోలోని విశ్లేషణ పేజీ నుంచి ఫైలు దించుకుని గూగుల్ షీట్‌లో పెట్టాను. ‘లెసన్ ’ అని ఉన్నచోటల్లా ‘పాఠం ’ అని మార్చమన్నాను, ఖాళీతో సహా. కొన్ని మారాయి, కొన్ని మారలేదు. మారనివాటిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. అదే లెసన్, అదే ఖాళీ, అదే అంకె. వట్టి ‘లెసన్’ అని వెతికితే అన్నీ దొరుకుతాయి. వెనకాల ఖాళీ చేర్చి వెతికితే మారనివన్నీ మాయం. రెండు ఖాళీలు పడ్డాయేమో అని చూశాను. లేవు. అక్షరశైలి మార్చి చూశాను. తేడా లేదు.

మారనివన్నీ ఆ సంస్థ పెట్టిన పేర్లే అని గమనించి వాళ్లకు ఫోను చేశాను. అవతలి కుర్రవాడు విషయం పూర్తిగా వినకుండానే, ‘మీ కంప్యూటర్లో తెలుగు సరిగ్గా లేదు మేడమ్, ఇవన్నీ మీలాంటివారికి అర్థం కావు’ అన్నాడు. స్పీకర్లో ఉంది. పిన్ని విన్నది. రోజంతా లెక్కల పుస్తకాల్లో రూపాయి తేడాకు గంటలు వెతికే ఉద్యోగం నాది. నాకు అర్థం కాదట!

ఆ పట్టుదలతోనే దొరికింది. మారిన శీర్షికలో మునుపు ఉన్న ‘లెసన్’ ఒక గడిలో, మారని శీర్షిక నుంచి తీసిన ‘లెసన్’ పక్క గడిలో అతికించి రెండింటి పొడవు అడిగాను. మొదటిది 5. ల, ఎత్వం, స, న, పొల్లు, లెక్క సరిపోయింది. రెండోది 6. కంటికి కనిపించని అక్షరం ఒకటి పొల్లు తరవాత దాక్కుని ఉంది. పొల్లుతో ఆగిన హల్లు తరవాతి హల్లుతో కలిసి వత్తుగా మారకుండా అడ్డుపెట్టే గుర్తు అది, యూనికోడ్‌లో దాని స్థానం 200C. ‘యూట్యూబ్’ తరవాత ‘లో’ రాస్తే ల వత్తు కింద పడకుండా ఆపేది అదే. మాట మధ్యలో దానికి పని ఉంది. మాట చివర, ఖాళీ ముందు, ఉన్నా లేకపోయినా రూపం ఒక్కటే. కొన్ని కీబోర్డు పద్ధతులు పొల్లు పడగానే దాన్ని కూడా వేసేస్తాయి. మనిషి చదివితే ఒకే మాట, యంత్రానికి రెండు మాటలు.

తీసేయడంలోనూ ఒక మెలిక ఉంది. అన్నిచోట్లా తుడిచేస్తే మాట మధ్యలో అవసరమైనది కూడా పోయి వత్తులు పడిపోతాయి. ఖాళీకి ముందున్న దాన్ని మాత్రమే తీయాలి:

```
=SUBSTITUTE(A2, UNICHAR(8204)&" ", " ")
```

200C ను పదుల లెక్కలో చెబితే 8204. శీర్షిక చివరి మాటకు వెనక ఖాళీ ఉండదు కాబట్టి ఇది అక్కడ పనిచేయదు, ఆ కొన్నీ చేత్తో దిద్దాను. ఇదంతా అయ్యాక కొత్త పేర్లను స్టూడియోలో ఒక్కొక్కటిగా అతికించడం విసుగే తప్ప కష్టం కాదు.

ఒక మాట చెప్పాలి. పేర్లు ఒకేలా ఉన్నంత మాత్రాన యూట్యూబ్ ఒక పాఠం పక్కన రెండోదాన్ని చూపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. సూచనలు చాలావరకు చూసేవారి నడతను బట్టి వస్తాయి, ఇది చూసినవారు తరవాత ఏది నొక్కారు అన్నదాన్ని బట్టి. పేరు చేసేది ఆ నొక్కడాన్ని తేలిక చేయడమే. జంట వరుసలు 03 చూసిన పిల్లకు పక్కన 04 అన్న అంకె కనిపిస్తే ఆలోచించకుండా నొక్కుతుంది. ట్యాగుల పేరు మీద పిన్ని దగ్గర ఆ సంస్థ ప్రత్యేకంగా డబ్బు గుంజింది. వీడియో దొరకడంలో ట్యాగుల పాత్ర బహు స్వల్పమనీ, జనం తప్పుగా రాసే పేర్లకు పనికొస్తాయనీ యూట్యూబే తన సహాయ పేజీలో రాసి పెట్టింది. ఉచితంగా చదవగలిగిన దానికి రొక్కం ఇచ్చుకున్నాం.

ఈ వీడియోలు ఒకదాని తరవాత ఒకటి చూడదగ్గవని యూట్యూబ్‌కు నేరుగా చెప్పే దారి ఒకటి ఉంది. ప్లేలిస్టు సెట్టింగులలో ‘Set as official series for this playlist’ అన్నది. దానికి రెండు షరతులు. అందులోని వీడియోలన్నీ మీ ఛానెల్‌వే అయి ఉండాలి. ఒక వీడియో ఒక్క సిరీస్‌లోనే ఉండాలి. రెండో షరతు దగ్గర మేం మళ్లీ ఆగిపోయాం. సంస్థవారు ఏరికోరి ‘హిట్స్’ను సిరీస్‌గా పెట్టి పోయారు. సరళీ వరుసల మొదటి పాఠం, ఒక అలంకారం, ఒక గీతం అందులో పక్కపక్కన కూర్చున్నాయి. ముందు దాని గుర్తు తీసేయాల్సి వచ్చింది.

ఇక దేనికి పెట్టాలన్నది ప్రశ్న. విభాగాల ప్లేలిస్టులకు పెడితే జంట వరుసలు అయిపోయిన పిల్ల అక్కడే ఆగుతుంది. అందుకని మొదటి సరళీ వరుస నుంచి గీతాల దాకా అన్నీ ఉన్న ఒక పెద్ద ప్లేలిస్టు కట్టి దాన్నే సిరీస్ చేశాను. విభాగాలవి మామూలు ప్లేలిస్టులుగా ఉన్నాయి, ఒక వీడియో ఎన్ని మామూలు వాటిలోనైనా ఉండవచ్చు. వరుసను చేత్తోనే పేర్చాను. పాతది ముందు వచ్చేలా తేదీ క్రమం పెడదామంటే, పిన్ని మొదటి పాఠాన్ని నిరుడు మళ్లీ పాడి ఎక్కించింది.

పాఠం చివరి ఇరవై సెకన్లలో తెర మీద తరవాతి పాఠాన్ని చూపించాం. అక్కడ ‘తాజా వీడియో’ అన్న ఎంపిక జోలికి పోకండి, సరళీ వరుసలు నేర్చుకుంటున్న పిల్ల ముందుకు గీతం వచ్చి పడుతుంది. వాట్సాప్‌లో పంపే లంకెలో కూడా ప్లేలిస్టు గుర్తు ఉండాలి:

```
https://www.youtube.com/watch?v=VIDEO_ID&list=PLAYLIST_ID
```

రెండో భాగం లేని లంకెతో వచ్చినవారికి ప్లేలిస్టు తెరుచుకోదు, పాఠం అయ్యాక ఏది వస్తుందో మన చేతిలో ఉండదు.

పని చేసిందో లేదో స్టూడియోలో, వీక్షకులు ఎటు నుంచి వచ్చారో చెప్పే చోట, సూచిత వీడియోల జాబితా తెరిస్తే తెలుస్తుంది. మునుపు అక్కడ ఎవరెవరి భక్తి పాటలో ఉండేవి. ముందుగా పేర్లు మార్చిన మన పాఠాలు ఇప్పుడిప్పుడే ఒకటి రెండు కనిపిస్తున్నాయి.

వచ్చే నెల పిన్ని అలంకారాలు మళ్లీ పాడుతుందట, ధ్రువ తాళం నుంచి ఏక తాళం దాకా ఏడూ. వాటి పేర్లు ఇప్పటికే షీట్‌లో రాసి, ఆ వరుసకు తాళం వేశాను. తమ్ముడు అక్కడి నుంచి అతికించాల్సిందే, ఫోనులో కొట్టడానికి వీల్లేదు. వాడు అలిగాడు. అలగనీ.