రేపటి కామెంటరీ కార్డులు

శుక్రవారం, రాత్రి పదిన్నర.

రేపు మా హైస్కూల్లో స్పోర్ట్స్ డే. మైకు ఈసారి కూడా నాకే ఇచ్చారు. నాలుగు రోజులు కూర్చుని రాసిన పన్నెండు పేజీల స్క్రిప్టులో తొమ్మిది పేజీలు ఈ సాయంత్రం తీసి పక్కన పెట్టేశాను. వాటి బదులు ఇప్పుడు టేబుల్ మీద పోస్టుకార్డంత అట్టముక్కలు పద్నాలుగు ఉన్నాయి. రేపటి పరుగులన్నీ వాటి మీదే నడవాలి.

మధ్యాహ్నం ఫైనల్‌కు ఎవరు వెళ్తారో తేల్చే హీట్స్ పెట్టారు. మైకు సరిచూసినట్టూ ఉంటుందని, బాలికల 100 మీటర్ల పరుగుకు రాసుకున్న పేరా అందుకున్నాను. "లేడిపిల్లల్లా దూసుకుపోతున్న మన చిన్నారులు..." అంటూ రెండో వాక్యంలోకి వచ్చేసరికే గెలిచిన పిల్ల గీత దాటి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతోంది. ఎవరు ముందొచ్చారో నేను చూడలేదు. నా కళ్ళు కాగితం మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అదే పేరా పైకి చదివాను. 48 మాటలకు 25 సెకన్లు పట్టింది. మా పిల్లలు ఆ పరుగు ముగించేది 16, 17 సెకన్లలో. పేరాను కుదించి 30 మాటలకు తెచ్చినా లాభం లేదు, ఎందుకంటే చదువుతున్నంతసేపూ పరుగు చూడలేను. అప్పుడు అర్థమైంది, 100 మీటర్లకు స్క్రిప్టు అనేది పరుగుకు ముందూ తర్వాతా మాత్రమే ఉండాలి. మధ్యలో ఉండాల్సింది పేర్లే.

అందుకే ప్రతి కార్డునూ మూడు భాగాలు చేశాను. పైన, పిల్లలు లైన్లలో నిలబడుతున్నప్పుడు చదివే రెండు వాక్యాలు. మధ్యలో ఒకటి నుంచి ఆరు వరకు లేన్ నంబర్లు, వాటి ఎదురుగా పెద్ద అక్షరాల్లో పేర్లు. కింద, ఫలితం రాసుకోవడానికి ఖాళీ. పై భాగానికీ మధ్య భాగానికీ నడుమ ఎర్ర పెన్నుతో 'ఆపు' అని రాసి గీత కొట్టాను. స్టార్టర్ "ఆన్ యువర్ మార్క్స్" అన్నాక మైకులో చిన్న చప్పుడు కూడా రాకూడదు. ఇవాళ నేను మాట్లాడుతూనే ఉంటే ఒక పిల్ల, పరుగు మొదలుపెట్టమని స్టార్టర్ కొట్టే క్లాపర్ మోగకముందే బయలుదేరింది. పీఈటీ సర్ దగ్గరకొచ్చి, "మేడమ్, నేను చెయ్యి ఎత్తగానే మీరు మైకు స్విచ్ నొక్కేయండి" అన్నారు. ఆయన చెప్పింది నిజం. పిల్లల చెవి ఆ ఒక్క శబ్దం కోసమే కాచుకుని ఉంటుంది.

100 మీటర్లలో లేన్ మారరు కాబట్టి నంబరు చూస్తే పేరు తెలిసిపోతుంది. హౌస్ రంగును నమ్ముకుంటే కుదరదు, ఒకే పరుగులో ఇద్దరు నీలం బనియన్లవాళ్ళు ఉంటారు. ఫైనల్లో ఎవరు ఏ లేన్ అనేది హీట్స్ టైములు చూశాక సర్ వేస్తారు, జోరుగా పరిగెత్తేవాళ్ళు నడిమి లేన్లలోకి వస్తారు. కాబట్టి ఈ కార్డులు ఇవాళ రాత్రి కంటే ముందు రాసే వీల్లేదు.

గొంతు సంగతి కూడా ఇవాళే తెలిసింది. మొదటి అడుగు నుంచే అరిస్తే చివరి 30 మీటర్లకు ఇక పెంచడానికేం మిగలదు. క్లాపర్ మోగాక మామూలు గొంతుతో "బయలుదేరారు" అని, సగం దూరంలో ముందున్న ఇద్దరి పేర్లు చెప్పి, ఆ తర్వాతే స్థాయి పెంచాలి. "నాలుగులో శారద, మూడులో లాస్య, లాస్య అందుకుంటోంది, లాస్య, శారద, శారద!" ఇది చాలు. ఇందులో వర్ణన ఏమీ లేదు, అయినా ఇంట్లో ఒక్కదాన్నే చదువుకుంటుంటే నాకే గుండె కొట్టుకుంది.

శారద పేరు రాస్తున్నప్పుడు చెయ్యి కాసేపు ఆగింది. పోయిన ఏడాది ఆఫీసు నుంచి వచ్చిన లిస్టులో SARADA అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటే, హడావుడిలో "సరదా" అని చదివేశాను. గ్రౌండంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లకు ఏడాది పొడుగునా అదే పేరైంది. నేను తెలుగు టీచర్ని. ఆ ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం ఉండదనీ, ట, త తేడా తెలియదనీ, ణ, ళ అసలే కనిపించవనీ నాకు తెలిసి ఉండాల్సింది. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకే ఈ వారం లిస్టు పట్టుకుని క్లాసు క్లాసుకూ తిరిగాను. ఎవరి పేరు వాళ్ళ నోటితోనే చెప్పించుకున్నాను. స్నేహితుల్ని అడిగితే ముద్దుపేర్లు చెబుతారు. నేను తిరిగి పలికి "సరేనా?" అంటే, టీచర్ కదా అని తప్పైనా తలూపేస్తారు. దానికి ఒక ఉపాయం దొరికింది. రెండు రకాలుగా పలికి "లస్యనా, లాస్యనా?" అని ఎంచుకోమంటే సిగ్గుపడే పిల్లలు కూడా ఠక్కున చెబుతున్నారు.

మాది ఇచ్ఛాపురం దగ్గర, ఒడిశా సరిహద్దు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉన్నారు. 1500 మీటర్లు పరిగెత్తే ఒక అబ్బాయి పేరు లిస్టులో DIBYAJYOTI అని ఉంది. స్పెల్లింగ్ తప్పు పడిందనుకుని నా కాగితంలో దివ్యజ్యోతి అని దిద్దేశాను. పిలిచి అడిగితే, "ఇంట్లో దిబ్యజ్యోతి అంటారు మేడమ్" అన్నాడు మెల్లగా. ఒడియాలో అలాంటి పేర్లకు వకారం బకారంగా పలుకుతుంది, బిశ్వనాథ్, బిజయ్ లాగా. నేను దిద్దింది తప్పును కాదు, వాళ్ళ నాన్న పెట్టిన పేరును. కొట్టేసి, 'దిబ్య / జ్యోతి' అని మధ్యలో గీత పెట్టి రాసుకున్నాను, ఎక్కడ విరవాలో కంటికి తెలిసేలా. మైకుకు నోరు ఆనిస్తే ఆ 'బ' దగ్గర టప్‌మని పేలుతోంది. నాలుగు వేళ్ళ దూరంలో, గడ్డానికి ఓ పక్కగా పట్టుకుంటే బాగుంది. గ్రౌండ్ అవతలి కొసన కట్టిన హారన్ స్పీకర్ నుంచి నా గొంతు కాస్త ఆలస్యంగా తిరిగొస్తుంది కాబట్టి, పేరు పేరుకూ మధ్య చిన్న విరామం ఇవ్వాలి. లేకపోతే రెండు పేర్లు కలిసిపోతాయి.

1500 మీటర్ల కార్డు మాత్రం వేరు. మా ట్రాక్ 200 మీటర్లే, అంటే ఏడున్నర రౌండ్లు. పరుగు ఫినిష్ గీతకు ఎదురు వైపు నుంచి మొదలవుతుంది. మూడు నాలుగు రౌండ్లయ్యాక వెనకబడిన పిల్లాడు ముందున్నవాడి పక్కనే కనిపిస్తాడు, మైకు దగ్గరున్నవాళ్ళకు అదే అయోమయం. కార్డు మీద ఏడు గళ్ళు గీశాను, ముందున్నవాడు గీత దాటిన ప్రతిసారీ ఒకటి కొట్టేయాలి. 'చివరి రౌండ్' అనే మాటకు మాత్రం నా లెక్క పనికిరాదు, గంట మోగాకే అనాలి. తొందరపడి ముందే అంటే పిల్లాడు ఉన్న బలమంతా ఒక రౌండు ముందే ఖర్చు పెట్టేస్తాడు. ఫలితం కూడా అంతే, జడ్జి సంతకం పెట్టిన చీటీ చేతికొచ్చాకే చదవాలి.

కార్డులన్నీ పరుగుల వరసలో పెట్టి, మూలకు చిల్లు పొడిచి దారం కట్టాను, గాలికి ఎగిరిపోకుండా. పడుకునే ముందు పేర్లు మరోసారి పైకి చదివాను. పొద్దున్న ప్రేయర్ అయ్యాక శారదను పిలిచి, తన కార్డు తనకు చూపించాలి.